ఫలితం మార్చిలో, భయం ఏడాది పొడవునా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎంఎస్ చేసి, చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే స్టెమ్ ఓపీటీ అనుమతి మీద ఉద్యోగం చేస్తోంది. హెచ్‌-1బీ లాటరీలో రెండుసార్లు పేరు రాలేదు. వచ్చే జూన్‌తో ఓపీటీ అయిపోతుంది. కోర్సులో చేరిన రోజు నుంచే పని చేయనిచ్చే డే-వన్ సీపీటీలో చేరమని అందరూ అంటున్నారు. చేరాలా, కెనడా వెళ్లాలా, వెనక్కి రావాలా? మాకు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు తేదీలు చూద్దాం. లాటరీ రిజిస్ట్రేషన్ మార్చిలో జరుగుతుంది. ఎంపికైందీ లేనిదీ మామూలుగా ఆ నెలాఖరుకు తెలిసిపోతుంది. ఎంపికై, ఓపీటీ ముగిసేలోగా కంపెనీ స్టేటస్ మార్పు కోరుతూ పిటిషన్ వేస్తే, క్యాప్-గ్యాప్ కింద జూన్ తర్వాత కూడా ఆమె పని చేసుకోవచ్చు. రాకపోతే జూన్‌లో ఉద్యోగం ఆగుతుంది, సర్దుకోవడానికి మరో 60 రోజులు ఉంటాయి. అంటే ఆగస్టు. మార్చి రాకముందే రోజూ ఫోన్ చేసి "ఏమైనా తెలిసిందా?" అని అడిగితే పాపం ఆ పిల్ల ఏం చెబుతుంది?

కటువుగా అనిపించినా చెబుతాను. ఇలా అడిగే ఇళ్లలో పిల్లలు అసలు కబురే దాస్తారు. ఉద్యోగం పోతే ఆ సంగతి పది రోజుల్లోగా కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓకి తెలపాలి. మొదటి ఓపీటీ నుంచి స్టెమ్ పొడిగింపు చివరిదాకా అన్నీ కలిపి, ఉద్యోగం లేని రోజులు 150 దాటకూడదు. రోజూ లెక్కపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదొక్కటే. ఉద్యోగం పోయిన రోజే ఆ సంగతి మీకు చెప్పుకోగలిగేంత చనువు ఆమెకు ఇవ్వండి.

ఇక డే-వన్ సీపీటీ. దాని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. చట్టంలో సీపీటీ ఉన్నమాట నిజమే, కానీ అది చదువులో భాగమైన శిక్షణ కోసం. ఉద్యోగం నిలుపుకోవడానికే రెండో మాస్టర్స్‌లో చేరితే, రేపు హెచ్‌-1బీ పరిశీలనలో "నిజంగా చదివావా? తరగతులకు వెళ్లావా? ఈ పనికీ కోర్సుకీ సంబంధమేమిటి?" అని అడగొచ్చు. జవాబు నప్పకపోతే స్టేటస్ మార్పు నిరాకరిస్తారు. పైగా ఒకసారి మాస్టర్స్ మీద ఓపీటీ వాడుకున్నాక అదే స్థాయి డిగ్రీకి మళ్లీ ఇవ్వరు. ఫీజు కట్టి మరో ఏడాది భయాన్ని కొనుక్కోవడమే. ఆ కోర్సు తనకు నిజంగా కావాలనుకుంటే, తరగతులు సక్రమంగా జరిగే చోటే, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే చేరాలి.

కెనడా సంగతి క్లుప్తంగా చెబుతాను. అక్కడా పాయింట్లు, ఎదురుచూపులు తప్పవు. వెనక్కి రావడాన్ని మాత్రం ఓటమిగా చూడకండి. ఆమె కంపెనీకి ఇండియాలో శాఖ ఉంటే బదిలీ గురించి ఇప్పుడే మేనేజర్‌తో మాట్లాడమనండి. ఇక్కడ ఏడాది పనిచేశాక, మేనేజర్ స్థాయి పనో, కంపెనీకే ప్రత్యేకమైన పరిజ్ఞానమో ఉంటే, కంపెనీ బదిలీ మీద వెళ్లే ఎల్‌-1 వీసాకి దారి ఉంటుంది. దానికి లాటరీ లేదు.

ఈ ఆదివారం వీసా మాట ఎత్తకుండా ఒక్క విషయం తేల్చుకోండి: జూన్ తర్వాత ఆరు నెలలు జీతం లేకపోతే లోన్ కిస్తీలు ఎవరు, ఎంత కడతారు? మీ వంతు ఎంతో ఆమెకు అంకెతో సహా చెప్పండి.