సీఏసీ పెరిగి పేబ్యాక్ తగ్గిన త్రైమాసికం గురించి ఇన్వెస్టర్లకు ఎలా రాయాలి?

ప్రశ్న: ఈ త్రైమాసికంలో మా కస్టమర్ అక్విజిషన్ కాస్ట్ బాగా పెరిగింది, కానీ పేబ్యాక్ కాలం తగ్గింది. సాకులు చెబుతున్నట్టు కనిపించకుండా ఇన్వెస్టర్ అప్‌డేట్‌లో దీన్ని ఎలా రాయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: హైదరాబాద్‌లో మందుల దుకాణాలకు బిల్లింగ్, స్టాకు సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందా మీద అమ్మే చిన్న సంస్థను నడుపుతున్నాను. ఒక త్రైమాసికంలో మా సీఏసీ దుకాణానికి 6,000 రూపాయల నుంచి 9,000కు పెరిగింది. పేబ్యాక్ మాత్రం 12 నెలల నుంచి 8 నెలలకు తగ్గింది (అంకెలను గుండ్రం చేశాను). అప్‌డేట్ మొదటి పేరాలోనే ఈ రెండింటినీ ఒకే వాక్యంలో, పెరిగినదాన్ని ముందు పెట్టి రాశాను. పెరిగినదాన్ని మూడో పేజీకి నెడితే, అనుభవమున్న ఇన్వెస్టరు మూడో పేజీ నుంచే చదవడం మొదలుపెడతారు.

ఆ వాక్యం కిందే లెక్క చూపించాను. సీఏసీని ఒక కస్టమర్ నెలనెలా మిగిల్చే గ్రాస్ మార్జిన్‌తో భాగిస్తే పేబ్యాక్ నెలలు వస్తాయి. అంతకుముందు సగటు దుకాణం నెలకు 800 రూపాయలు కట్టేది. సర్వర్, ఎస్సెమ్మెస్, సపోర్టు సిబ్బంది ఖర్చులు పోగా 500 మిగిలేది. ఇప్పుడు సగటు చందా 1,500, మిగిలేది 1,125. దుకాణదారు చేతి నుంచి వచ్చేది 18 శాతం జీఎస్టీతో కలిపి 1,770 అయినా, పన్ను మన ఆదాయం కాదు కనుక దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఏడాది చందా ముందే కట్టినవారి డబ్బును కూడా ఇందులో కలపకండి. కలిపితే పేబ్యాక్ దాదాపు మాయమైపోతుంది, దాంతో పాటు మీ మీద నమ్మకమూ పోతుంది. ఆ సొమ్మును నగదు నిల్వల దగ్గర వేరుగా చూపితే చాలు. అలాగే సీఏసీలో ప్రకటనల ఖర్చే కాక ఫీల్డ్ సిబ్బంది జీతాలు, ఇన్సెంటివ్‌లు, పెట్రోలు కూడా ఉన్నాయని ఒక మాట రాయండి.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. సగటు 9,000 అన్న అంకె వెనుక రెండు వేర్వేరు వ్యాపారాలున్నాయి. ఆ త్రైమాసికంలో చేరిన 100 దుకాణాల్లో సగం ఒంటరి దుకాణాలు, మిగిలిన సగం కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల ఒకే యజమానికి రెండు మూడు శాఖలున్నవి. శాఖలున్న యజమానికి ఫోను మీద అమ్మలేము; మనిషి వెళ్లాలి, ఒక శాఖలో లేని మందు మరో శాఖలో ఉందో లేదో తెరమీద చూపించాలి, కౌంటరులో కూర్చునే ఫార్మసిస్టు కూడా ఒప్పుకోవాలి. అందుకే అక్కడ ఒక్కో దుకాణానికి 11,000 ఖర్చయింది. కానీ అది అదనపు సదుపాయాలు కూడా తీసుకుంటుంది కనుక నెలకు 1,750 మిగులుతుంది, అంటే ఆరు నెలల పైచిలుకులో ఖర్చు తిరిగి వస్తుంది. ఒంటరి దుకాణాల్లో మాత్రం ప్రకటనల ధర పెరగడం వల్ల సీఏసీ 7,000 అయింది, మిగులు 500 దగ్గరే ఆగింది, పేబ్యాక్ 12 నుంచి 14 నెలలకు చేరింది. మెరుగుదల అంతా ఒకవైపు నుంచే వచ్చిందని, రెండోవైపు పరిస్థితి దిగజారిందని స్పష్టంగా రాశాను. నా దృష్టిలో అప్‌డేట్ మొత్తంలో విలువైన పేరా ఇదే, ఎందుకంటే వచ్చే త్రైమాసికం డబ్బు ఎటు పెట్టాలో దీన్ని బట్టే తేలుతుంది.

ఇంకొక పరీక్ష మిగిలింది. పై సూత్రం ఎవరూ మానేయరని అనుకుంటుంది. ఒంటరి దుకాణాల్లో నెలకు రెండు చొప్పున మానేస్తున్నాయని పాత చేరికల వల్ల మాకు తెలుసు. 100 దుకాణాలకు పెట్టిన 9 లక్షలను ఆ ప్రకారం వెనక్కి లెక్కిస్తే, మొదటి నెల 1,12,500 వచ్చి, ఆ తర్వాత నెలకు వెయ్యి చొప్పున తగ్గుతూ, ఎనిమిదో నెలాఖరుకు 8,72,000 మాత్రమే చేతికి వస్తుంది. అంటే అసలు పేబ్యాక్ తొమ్మిదో నెలలో పూర్తవుతుంది. ఈ తేడాను మనమే చెప్పడం మేలు; ఇన్వెస్టరు విశ్లేషకులు ఎలాగూ అడుగుతారు. మీ దగ్గర ఈ తేడా మూడు నాలుగు నెలలు దాటితే, పేబ్యాక్ మెరుగైందని రాయకపోవడమే మంచిది.

చివర్లో రాబోయే త్రైమాసికం అంచనా ఇచ్చాను: ఒంటరి దుకాణాలకు ప్రకటనలు ఆపుతున్నాం కనుక సగటు సీఏసీ 11,000 వైపు ఇంకా పెరుగుతుందని, సులభంగా ఒప్పుకునే యజమానులు అయిపోయాక ఒక్కో అమ్మకానికి తిరిగే తిరుగుళ్లు ఎక్కువవుతాయని, శాఖలున్న దుకాణాల పేబ్యాక్ 9 నెలలు దాటితే కొత్త ఫీల్డ్ సిబ్బందిని తీసుకోవడం ఆపేస్తామని రాశాను.