టర్బులెన్స్‌తో రాపిడి పెరుగుతుంటే రెక్క మీద ఆ చిన్న రేకులు ఎందుకు?

"గాలి పొరలుగా జారే లామినార్ ప్రవాహంలో రాపిడి తక్కువ, సుడులు తిరిగే టర్బులెంట్‌లో ఎక్కువ అని చదివాను. మరి విమానం రెక్కల మీద వోర్టెక్స్ జనరేటర్లనే చిన్న రేకులు అతికించి గాలిని కావాలనే గందరగోళం చేస్తారెందుకు? విమానాన్ని వెనక్కి లాగే డ్రాగ్ పెరగదా?"

పెరుగుతుంది. రెక్క ఎదురుగాలికి మామూలు కోణంలో ఎగురుతున్నంతసేపూ ఆ రేకుల వల్ల కొంచెం నష్టమే. అయినా పెడతారు. వాళ్ళ భయం రాపిడి గురించి కాదు, గాలి రెక్కను వదిలేసి పక్కకు పోవడం గురించి. ఇంకో సంగతి కూడా ఉంది: వోర్టెక్స్ జనరేటర్ అంటే గాలిని టర్బులెంట్‌గా మార్చే పరికరం అని చాలామంది అనుకుంటారు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకుని విండ్ టన్నెల్ దగ్గర రెండు వారాలు పోగొట్టుకున్నాను. ఆ కథే చెబుతాను, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

మా మోడల్ రెక్క ముందు అంచు నుంచి వెనక అంచు దాకా 30 సెంటీమీటర్లు. టన్నెల్‌లో గాలి వేగం సెకనుకు 20 మీటర్లు. రెక్క ఉపరితలాన్ని ఆనుకున్న గాలి మాత్రం అసలు కదలదు, అతుక్కుని ఉండిపోతుంది. తిరిగే ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము పేరుకోవడం చూసే ఉంటారు. ఉపరితలం మీద సున్నా, కొంచెం పైన పూర్తి వేగం. ఈ రెండింటి మధ్య ఉన్న పలచని పొరే బౌండరీ లేయర్. 1904లో జర్మన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ ఈ ఆలోచన చెప్పాకే, జిగట చాలా తక్కువగా ఉండే గాలి కూడా అంత డ్రాగ్ ఎలా పుట్టిస్తుందో అర్థమైంది.

ఎంత పలచన? చదునైన పలక సూత్రాలతో లెక్కేస్తే, మా రెక్క మధ్యలో, అంటే ముందు అంచు నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర, లామినార్ పొర దాదాపు 1.7 మిల్లీమీటర్లు. అదే పొర ముందు నుంచీ టర్బులెంట్ అయి ఉంటే దాదాపు 4.8. రెక్క వంపుగా ఉంటుంది కాబట్టి ఇవి ఉజ్జాయింపు అంకెలే, కానీ ఏ సైజు వస్తువు గురించి మాట్లాడుతున్నామో తెలుస్తుంది.

మందం కన్నా ముఖ్యమైనది ఆ పొర లోపల వేగం ఎలా పెరుగుతుందన్నది. లామినార్‌లో గాలి పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి జారుతుంది. పై పొర వేగం కింది పొరకు జిగట ద్వారా మాత్రమే, అదీ నెమ్మదిగా, అందుతుంది. పొర మందంలో పదో వంతు ఎత్తున చూస్తే బయటి వేగంలో దాదాపు 17 శాతమే ఉంటుంది. టర్బులెంట్‌లో సుడులు పైగాలిని కిందికీ కిందగాలిని పైకీ కలిపేస్తుంటాయి. అదే పదో వంతు ఎత్తున వేగం 70 శాతం పైనే. గోడ పక్కన, అంటే ఉపరితలం దగ్గర, అంత వేగం ఉంది కాబట్టే రాపిడి ఎక్కువ. మీరు చదివింది ఇదే, తప్పేమీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. రెక్క పైభాగంలో ముందువైపు గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తర్వాత వెనక అంచు వరకు వేగం తగ్గుతూ పీడనం మళ్ళీ పెరగాలి. అంటే గాలి తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనంలోకి ఎదురెక్కాలి. తొక్కకుండా సైకిల్ మీద ఎత్తు ఎక్కడం లాంటిది: కింద ఎంత వేగంతో వచ్చామో అంత ఎత్తే ఎక్కగలం.

లెక్క వేసి చూద్దాం. బయటి గాలి ముందువైపు సెకనుకు 30 మీటర్లకు చేరి, వెనక అంచు దగ్గర 20కి తగ్గుతుందనుకోండి. వేగం తగ్గితే పీడనం పెరుగుతుందనే బెర్నౌలీ సూత్రం ప్రకారం పీడనం పెరుగుదల, గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు అనుకుంటే, సుమారు 300 పాస్కల్స్. పొరలో పదో వంతు ఎత్తున లామినార్ గాలి వేగం 5 మీటర్లు. ఆ వేగంతో ఎదురెక్కడానికి దాని చేతిలో ఉన్నది 15 పాస్కల్స్. టర్బులెంట్ గాలి వేగం 21 మీటర్ల పైన, దాని చేతిలో దాదాపు 270. పక్క పొరలు కొంత లాగి సాయం చేస్తాయి కాబట్టి లెక్క ఇంత కఠినంగా ఉండదు, అయినా తేడా చూడండి! లామినార్ గాలి కొండ మొదట్లోనే ఆగిపోయి వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగిన గాలి పైనున్న ప్రవాహాన్ని రెక్క నుంచి ఎత్తేస్తుంది. అదే సెపరేషన్. రెక్క వెనక పెద్ద తొట్టిలా నిదానమైన గాలి చేరుతుంది, రెక్కను పైకెత్తే లిఫ్ట్ పడిపోతుంది, డ్రాగ్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ డ్రాగ్ ముందు ఉపరితల రాపిడి తేడా ఏపాటిది?

గాలి వేగం, రెక్క పొడవు, గాలి జిగట కలిపి లెక్కేసే రేనాల్డ్స్ సంఖ్య మా మోడల్‌కు 4 లక్షలు. చదునైన పలక మీద లామినార్ తనంతట తాను టర్బులెంట్‌గా మారేది సుమారు 5 లక్షల దగ్గర అంటారు. కాబట్టి మా రెక్క మీద గాలి చాలా దూరం లామినార్‌గానే వచ్చి విడిపోతోందని ఊహించాం. దానికి మందు తేలిక. ముందు అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర సన్నటి జిగ్‌జాగ్ టేపు అతికించాం. గాలిని తట్టిలేపి టర్బులెంట్ చేసేది అదే. రెక్క పైన అతికించిన ఉన్ని దారాలు అప్పటిదాకా అడ్డదిడ్డంగా కొట్టుకుంటున్నవి వెనక్కి తిన్నగా పడుకున్నాయి. మాకు పండగే.

కోణం ఇంకా పెంచితే 13 డిగ్రీల దగ్గర వెనక సగంలో దారాలు మళ్ళీ లేచి ముందుకు తిరిగాయి. టేపు మందం పెంచాం, రెండో టేపు వేశాం. ఏ మార్పూ లేదు. అక్కడే తెలివి రావాల్సింది, రాలేదు. పొర ఇప్పటికే టర్బులెంట్ అయిపోయింది, ఇంకా ఎక్కువ టర్బులెంట్ చేసేదేమీ లేదు. దాని 270 పాస్కల్స్ కూడా చాలనంత ఎత్తుగా పెరిగింది కొండ. ఇప్పుడు కావాల్సింది బయటి నుంచి వేగమైన గాలిని కిందికి తెచ్చి పోసే పరికరం.

వోర్టెక్స్ జనరేటర్ చేసేది అదే. చిన్న రేకు ముక్కను ఉపరితలం మీద నిలువుగా నిలబెట్టి, ప్రవాహానికి 15 నుంచి 20 డిగ్రీల కోణంలో తిప్పితే అది బుల్లి రెక్కలా పనిచేస్తుంది. దాని ఒక పక్క పీడనం ఎక్కువ, రెండో పక్క తక్కువ. కొన మీదుగా గాలి ఆ పక్క నుంచి ఈ పక్కకు దూకుతుంది, వెనక ఒక సుడి తాడులా సాగిపోతుంది. ఆ సుడి ఒక పక్కన పైనుంచి చురుకైన గాలిని కిందికి తోస్తుంది, రెండో పక్కన గోడ దగ్గరి మందగాలిని పైకి ఎత్తుతుంది. టర్బులెన్స్ లాగ చిన్నచిన్న చెల్లాచెదురు సుడులు కావివి. రేకు దాటాక కూడా చాలా దూరం నిలిచే, క్రమమైన, పెద్ద సుడి.

ఆ రేకులు పెట్టడంలో నేను చేసిన తప్పు చెబుతాను, నవ్వుకోండి. దారాలు లేస్తున్నది మధ్యలో కాబట్టి మందు అక్కడే వేయాలనుకుని, సరిగ్గా రెక్క మధ్యలో 10 మిల్లీమీటర్ల రేకులు అతికించాను. అక్కడ గాలి అప్పటికే విడిపోయి ఉంది. రేకు చుట్టూ ఉన్నది కదలని గాలి. కదలని గాలిలో సుడి ఎక్కడ నుంచి పుడుతుంది? గాలి విడిపోయి లిఫ్ట్ పడిపోయే స్టాల్ కోణం ఒక్క డిగ్రీ కూడా మారలేదు, చిన్న కోణాల్లో డ్రాగ్ మాత్రం బాగా పెరిగింది. మా గైడ్ వచ్చి బలం కొలిచిన గ్రాఫ్ కాదు, దారాలు చూడమన్నారు. దారాలు మొదట తిరగబడేది ఎక్కడో గుర్తుపెట్టుకుని, దానికి చాలా ముందుకు వెళ్ళమన్నారు.

అలా ముందు అంచు నుంచి 6 సెంటీమీటర్ల దగ్గరకు మార్చాం. అక్కడ టర్బులెంట్ పొర మందం లెక్కలో 2.3 మిల్లీమీటర్లు వచ్చింది, కాబట్టి రేకు ఎత్తు 3 మిల్లీమీటర్లు చాలు. పలచని అల్యూమినియం రేకులు కోసి, పొడవు 9 మిల్లీమీటర్లు ఉంచి, జంటలుగా అతికించాం. ప్రతి జంటలో ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా. అలా పెడితే జంట మధ్యలో రెండు సుడులూ కలిసి గాలిని కిందికి తోస్తాయి. జంటకూ జంటకూ మధ్య 3 సెంటీమీటర్లు వదిలాం. ఇంకా దగ్గర చేస్తే సుడులు ఒకదాన్నొకటి గోడ నుంచి పైకి ఎత్తేసుకుంటాయి, అనుకున్న పని జరగదు.

ఈసారి 16 డిగ్రీల దాకా వెనక దారాలు పడుకునే ఉన్నాయి. నూనెలో రంగుపొడి కలిపి పూసి చూస్తే ఇంకా బాగా కనిపించింది: ప్రతి జంట వెనకా రంగు తుడిచినట్టు శుభ్రమైన చారలు, పక్కన మందగాలి చేరిన చోట దట్టమైన గీతలు. రేకులు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన పద్ధతి నాకు తెలియదు.

కాబట్టి మీ రెక్క మీదో, గాలిగొట్టం వంపులోనో, ఎక్కడైనా సెపరేషన్ కనిపిస్తే ముందు సన్నటి టేపు వేసి చూడండి. అది తగ్గిస్తే మీది లామినార్ సెపరేషన్, రేకులు అనవసరం. చిన్న మోడల్ విమానాల్లో చాలాసార్లు ఇదే. టేపు వేసినా తగ్గకపోతేనే రేకులు. రేకు ఎత్తు పొర మందం కన్నా మరీ ఎక్కువ ఉంటే బయటి గాలిలో డ్రాగ్ లాగడం తప్ప లాభం లేదు. సెపరేషన్ గీత ఎప్పుడూ ఒకేచోట ఉండి, దానికి దగ్గరగా ముందు పెట్టగలిగితే పొర మందంలో సగం ఎత్తు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ కూడా సరిపోతుంది, డ్రాగ్ చాలా తగ్గుతుంది. ఆ గీత కోణంతో పాటు ముందుకూ వెనక్కూ కదులుతుంటే మాత్రం అంత పొట్టి రేకు నమ్మకం కాదు. దాని సుడి ఎక్కువ దూరం నిలవదు.

విమానాల్లో ఈ రేకులు తరచుగా రెక్క చివరలవైపు, విమానాన్ని పక్కలకు వంచే ఎయిలరాన్ల ముందు కనిపించడానికి కారణం ఇదే. తక్కువ వేగంలో, ఎక్కువ కోణంలో గాలి ఎయిలరాన్‌ను వదిలేస్తే పైలట్ కర్ర తిప్పినా రెక్క వినదు. మామూలు ప్రయాణంలో ఆ కొద్దిపాటి డ్రాగ్ భరించేది ఆ నియంత్రణ కోసం. మా మోడల్‌లో ఆ డ్రాగ్ 5 డిగ్రీల లోపు స్పష్టంగా కొలవగలిగాం, అందుకే ఆఖరికి రేకులను రెక్క చివరి మూడో వంతులోనే ఉంచి మిగతావి పీకేశాం.