నాలుగేళ్ళలో తిరిగొస్తుందన్న సోలార్ డబ్బు: మీ బిల్లులు చెప్పే లెక్క

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది విశాఖ మధురవాడలో సొంత డాబా ఇల్లు. నేను రిటైర్డ్ టీచర్‌ని. ఎండాకాలంలో కరెంటు బిల్లు మూడు వేలకు దగ్గరగా వస్తోంది. 5 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే సబ్సిడీ పోను 2,47,000 అవుతుందని, నాలుగేళ్ళలో డబ్బు తిరిగొచ్చేస్తుందని కొటేషన్ ఇచ్చారు. ఏడాది బిల్లులు, కొటేషన్, డాబా ఫోటోలు పంపుతున్నాను. పెట్టుకోమంటారా?

జవాబు: మాస్టారూ, సోలార్ పెట్టుకోండి. కానీ 5 కిలోవాట్లు మాత్రం వద్దు.

మీరు పంపిన పన్నెండు బిల్లులూ ముందేసుకుని కూడి చూశాను. మార్చి నుంచి జూన్ దాకా నెలకు సుమారు 420 యూనిట్లు కాల్చారు. జూలై నుంచి అక్టోబరు దాకా 330, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 220. ఏసీ ఆడిన నెలలు, ఆడని నెలలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. 2024-25 టారిఫ్ ప్రకారం వీటికి యూనిట్ల చార్జీ నెలకు 2,743, 1,936, 987 రూపాయలు అవుతుంది. ఏడాదికి మొత్తం 22,664.

ఇప్పుడు కొటేషన్ చూడండి. నెలకు 600 యూనిట్లు తయారవుతాయని, యూనిట్‌కు 8.75 చొప్పున ఏడాదికి 63,000 ఆదా అని రాశారు. మీరు ఏడాదంతా కట్టేదే 22,664 అయితే 63,000 ఎక్కడి నుంచి మిగులుతుంది? నాలుగేళ్ళ లెక్క అక్కడే కూలిపోయింది. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, ఇంధన సర్దుబాటు నేను కలపలేదు. అవి కలిపినా ఈ తేడా పూడదు.

పొరపాటు ఎక్కడుందో అర్థం కావాలంటే స్లాబుల సంగతి చూడాలి. మన దగ్గర 2024-25 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు 1.90, ఆ పైన 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, అది దాటితే 9.75. ఏ స్లాబులో పడిన యూనిట్లకు ఆ స్లాబు రేటే పడుతుంది. సోలార్ యూనిట్లు ఈ బిల్లును పైనుంచి కోసుకుంటూ వస్తాయి. ముందు 9.75 యూనిట్లు పోతాయి, తర్వాత 8.75వి, తర్వాత 6 రూపాయలవి. కిందికి దిగేకొద్దీ ఒక్కో యూనిట్ మీద మిగిలేది తగ్గిపోతుంది. కొటేషన్ రాసినవాళ్ళు మాత్రం 600 యూనిట్లనూ ఒకే ఖరీదైన రేటుతో గుణించేశారు.

అందుకే నేను ఒక్కో కిలోవాట్‌ను విడివిడిగా లెక్కేశాను. మన వాతావరణంలో ఒక కిలోవాట్‌కు నెలకు సగటున 110 యూనిట్లు అనుకున్నాను: ఎండాకాలంలో 125, వానల్లో 95, చలికాలంలో 110. మీ బిల్లుల మీద ఇది వేసి చూస్తే మొదటి కిలోవాట్ ఏడాదికి 10,330 మిగులుస్తుంది. రెండోది 7,558. మూడోది 3,960 మాత్రమే. మూడు కిలోవాట్లు పెట్టేసరికే ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ నెలకు 45 యూనిట్లు మాత్రమే బిల్లు పడుతుంది, చలికాలంలో అసలు పడదు. నాలుగోది, ఐదోది కోయడానికి మీ బిల్లులో ఇంక పెద్దగా ఏమీ మిగలదు.

మిగులు కరెంటు గ్రిడ్‌కు పోతుంది కదా అంటారేమో. పోతుంది. ఆ మిగులుకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చే రేటు నెట్ మీటరింగ్ ఒప్పందంలో ఉంటుంది, సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి. అది మాత్రం 8.75 కాదు. మాటవరసకు 3 రూపాయలు ఇచ్చారనుకున్నా 5 కిలోవాట్లకు మిగిలే దాదాపు 2,700 యూనిట్ల మీద 8,100 వస్తుంది. అదీ కలుపుకుంటే ఏడాదికి 31,000 లోపే. 2,47,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్ళు పడుతుంది.

మీ కొటేషన్ రెండో పేజీలో 2 కిలోవాట్ల ధర 1,40,000 అని, 3 కిలోవాట్లది 1,95,000 అని ఉంది. పీఎం సూర్యఘర్ కింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. ఆ పైన ఎంత పెట్టినా 78,000 దాటదు. అంటే 2 కిలోవాట్లకు మీ చేతి నుంచి 80,000 పోతే ఏడాదికి 17,888 మిగులుతుంది, నాలుగున్నరేళ్ళలో తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌కు అదనంగా 37,000 పెడితే మిగిలేది 3,960, తొమ్మిదేళ్ళకు పైమాటే. ప్యానెళ్ళు పాతికేళ్ళు పనిచేసినా ఇన్వర్టర్ అంతకాలం రాదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి. అందుకని ఇప్పటి వాడకానికి 2 కిలోవాట్లే నా సలహా. రెండో ఏసీ కొనే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకునే ఆలోచనో గట్టిగా ఉంటే 3 పెట్టండి. అప్పుడు కోయడానికి ఖరీదైన యూనిట్లు ఉంటాయి కాబట్టి మూడో కిలోవాట్ కూడా గిట్టుబాటవుతుంది.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సబ్సిడీ ధరలో తగ్గించరు, సిస్టమ్ పెట్టి తనిఖీ అయ్యాక మీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు మొత్తం 1,40,000 సర్దుకోవాలి. దానికోసం మీ ఎఫ్‌డీ మధ్యలో విరగ్గొట్టకండి, గడువు ముగిసేదాకా ఆగినా నష్టం లేదు.

ఇక మీ డాబా ఫోటో. సాయంత్రం నాలుగింటికి తీసినట్టుంది, నీళ్ళ ట్యాంకు నీడ ప్యానెళ్ళు పెడతామని సుద్దముక్కతో గీసిన గీత మీదుగా సాగింది. ప్యానెళ్ళన్నీ ఒకే వరుసగా కలిపితే ఒక్కదాని మీద నీడ పడినా మొత్తం వరుస ఉత్పత్తి పడిపోతుంది. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, మూడింటికి మీరే మేడెక్కి నీడ ఎక్కడ పడుతోందో చూసుకోండి. డిసెంబరులో సూర్యుడు ఇంకా దక్షిణానికి వాలి నీడలు పొడుగవుతాయి, అదీ లెక్కలోకి తీసుకోండి. నాలుగే ప్యానెళ్ళు కాబట్టి గీతను పక్కకు జరపడం కష్టం కాదు.

కొటేషన్‌లో స్ట్రక్చర్ దగ్గర ఉత్త ‘జీఐ’ అని రాసి వదిలేశారు. మన ఊరి ఉప్పుగాలికి పల్చటి పూత ఉన్న గొట్టాలు కోసిన చోట, రంధ్రం పెట్టిన చోట తుప్పెక్కుతాయి. హాట్ డిప్ గాల్వనైజ్డ్, 80 మైక్రాన్ల పూత అని రాయించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో మీరూ చూసే ఉంటారు. అలాంటి గాలికి తట్టుకునేలా స్లాబులోకి ఎలా బిగిస్తారో, ఆ బిగింపు వల్ల కారితే ఎవరు బాగుచేస్తారో కూడా రాతలో ఉండాలి. నెట్ మీటరు ఖర్చు, ఎర్తింగ్ ఆ ధరలోనే ఉన్నాయా అన్నది మీ కాగితంలో లేదు. అవి విడిగా అంటే నేను చెప్పిన నాలుగున్నరేళ్ళు కాస్త జరుగుతుంది.

కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ళకు ప్రమాదం రాకుండా ఇన్వర్టర్ అలా కట్టేసుకుంటుంది. ఇంట్లోవాళ్ళకు ఈ మాట ముందే చెప్పండి. బ్యాటరీ కావాలంటే ఆ ఖర్చు వేరు, ఈ లెక్క వేరు.

రేపు కొటేషన్ ఇచ్చినాయనకు ఫోన్ చేసి, 2 కిలోవాట్లకు నెట్ మీటరు, ఎర్తింగ్, స్ట్రక్చర్ వివరం, జీఎస్టీ అన్నీ కలిపి మళ్ళీ ఒక కొటేషన్ అడగండి. నెలవారీ ఆదాను మీ పన్నెండు బిల్లుల మీద వేసి చూపించమనండి. ఆ కాగితం వచ్చాక నాకు పంపండి, అడ్వాన్స్ కట్టకముందే ఇద్దరం కూర్చుని చూద్దాం.