విక్స్ పెరిగితే మార్కెట్ పడుతుందనేనా?

"మాది పర్లాకిమిడి. విక్స్ పెరిగితే నిఫ్టీ పడుతుందని మా బావ అంటున్నాడు. నిజమేనా? ఆ అంకె ఎలా వస్తుంది?"

పడుతుందని కాదండీ. తుఫాను కబురు రాగానే మన బజారులో టార్పాలిన్ ధర పెరుగుతుంది. దాన్నిబట్టి జనం ఎంత బెదిరారో తెలుస్తుంది గాని, ఎవరి ఇంటి కప్పు ఎగిరిపోతుందో తెలియదు. నిఫ్టీ ఆప్షన్ల ధరల నుంచి లెక్కగట్టే ఇండియా విక్స్ కూడా అటువంటి ధరే.

నిఫ్టీని ముందే ఖాయం చేసిన స్థాయికి, అంటే స్ట్రైకుకు, అమ్మే హక్కు పుట్, కొనే హక్కు కాల్; ఈ రెంటినీ ఆప్షన్లంటారు. నిఫ్టీ ప్రస్తుత స్థాయికి దిగువ స్ట్రైకుల పుట్‌లు, ఎగువ స్ట్రైకుల కాల్‌లు తీసుకుని, ఒక్కోదానికి కొనేవారు, అమ్మేవారు చెప్పే ధరల సగటును స్ట్రైకు వర్గంతో భాగించి కూడుతారు. అందుకే దిగువ పుట్‌లకు బరువు ఎక్కువ. పతనం నుంచి రక్షణ కోసం వాటిని ఎగబడి కొన్నప్పుడు సూచీ చప్పున లేస్తుంది. భయసూచి అన్న పేరు ఇందువల్లనే వచ్చిందని నా అభిప్రాయం. రెండు గడువుల ఆప్షన్ల లెక్కను 30 రోజులకు సర్ది, వర్గమూలం తీసి, వార్షిక శాతంగా చూపుతారు.

విక్స్ 18 అనుకోండి. నెలకు కావాలంటే 12 వర్గమూలమైన 3.46తో భాగించాలి, 5.2 శాతం వస్తుంది. నిఫ్టీ 25,000 ఉంటే, నెలలో సుమారు 1,300 పాయింట్ల లోపే పైకో కిందికో కదులుతుందని, దానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉందని ఆప్షన్ల ధరలు చెబుతున్నట్టు.

2024 మేలో, లోక్‌సభ ఫలితాలకు ముందు, విక్స్ బాగా పెరుగుతుండగానే నిఫ్టీ కొత్త రికార్డును తాకింది.