గిర్ని దూరమైన చోట

ప్రశ్న: సార్, మేము భీమారంలో అపార్ట్‌మెంట్‌ల ఉంటున్నం. రెండేళ్లల్ల మా చుట్టూ ఐదు అపార్ట్‌మెంట్లు లేచినయి, ఒక్కోదాంట్ల అరవై ఫ్లాట్లు. మా ఆయనది ప్రైవేటు కాలేజీల నౌకరి. నా పేరు మీద 3 లక్షల ఎఫ్‌డీ ఉన్నది. అది తీసి, కింద షట్టర్ కిరాయికి పట్టి కర్రీ పాయింట్ పెడ్దామనుకుంటున్న. కానీ ఇప్పటికే మూడున్నయి. ఎవరూ పెట్టనిది ఏం పెట్టాల్నో తోస్తలేదు. ఆలోచించే తీరిక కూడా లేదు. మా అత్తమ్మకు ప్యాకెట్ పిండి రొట్టెలు నచ్చవు, పదిహేను రోజులకోసారి హన్మకొండ పోయి జొన్నలు పట్టించుకొచ్చేసరికి సగం రోజు పోతది. ఏం చెయ్యమంటరు? — ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో కర్రీ పాయింట్ గురించి రాసిన నాలుగు ముక్కల కంటే చివర్లో అత్తమ్మ గురించి రాసిన ఒక్క మాటే నాకు ఎక్కువ పనికొచ్చింది. మీరు విసుగ్గా రాసినా, వ్యాపారం దొరికేది అలాంటి చోటే. ఒక పని కోసం మనిషి సగం రోజు పోగొట్టుకుంటూ, దాన్ని ఖర్చుగా లెక్కేయకుండా ‘తప్పదులే’ అనుకుంటున్నాడంటే అక్కడ గిరాకీ ఉండొచ్చు.

ఉందో లేదో తేల్చుకోవడానికి మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు తెరిచి, వెతికే చోట telusa, undha, dorukutunda అని ఒక్కొక్కటే కొట్టి చూడండి. ఏడాదిగా మీ వాళ్లు ఏమేం అడిగారో బయటపడుతుంది. అడిగిన ప్రతిదీ అవకాశం కాదు. ప్లంబర్ నంబరు అడిగితే పది నిమిషాల్లో ముగ్గురు పంపుతారు, అంటే ఆ అవసరం తీరుతూనే ఉంది. జవాబు రాకుండా ఆగిపోయిన ప్రశ్నలు, రెండు నెలలకు ఇంకొకరు మళ్లీ అడిగినవి విడిగా రాసుకోండి. ‘దగ్గర్లో గిర్ని ఉందా’ అన్నది అందులో మూడు నాలుగు సార్లు కనబడితే ఇక్కణ్నుంచి కిందిదంతా మీకోసమే. కనబడకపోతే ఆ జాబితాలో పైనున్న ఇంకో ప్రశ్న పట్టుకోండి, లెక్క వేసే పద్ధతి ఇదే.

కొత్త కాలనీల్లో గిర్ని ఎందుకు రాదో ఆలోచించండి. మోత, దుమ్ము, మోటారుకు తగ్గ కరెంటు కనెక్షన్, పైగా కిరాయి. కింద గిర్ని పెడతామంటే పై అంతస్తుల వాళ్లు ఒప్పుకోరు. మరోపక్క ప్యాకెట్ పిండి ఈ అవసరాన్ని పూర్తిగా తీర్చదు. జొన్నల్లోని మొలక భాగంలో నూనె ఉంటుంది, పట్టించాక రోజులు గడిచేకొద్దీ పిండి ముక్కిపోతుంది. పాత పిండితో రొట్టె చేస్తే అంచులు పగులుతాయి. మీ అత్తమ్మది చాదస్తం కాదు.

అందుకే గిర్ని పెట్టమనడం లేదు. ఇళ్లకు గిర్నిని దగ్గర చేయమంటున్నాను. వారానికి ఒక రోజు పొద్దున సంచులు తీసుకుని, మధ్యాహ్నం పాత గిర్నిలో పట్టించి, సాయంత్రం ఇంటికి చేర్చడం. గిర్నికి పొద్దున, ఆదివారాలు రద్దీ ఉంటుంది, మామూలు రోజుల్లో మధ్యాహ్నం మిషన్ ఖాళీగా ఉండే గంటలుంటాయి. ఆ గంటల్లో ఒకేసారి సరుకు తెస్తానంటే ధర తగ్గించమని అడగొచ్చు.

లెక్క చూద్దాం. ఇవి నేను అనుకుంటున్న అంకెలు, మీ గిర్ని రేటు వేసుకుని మార్చుకోండి. మీరు కిలోకు 20 రూపాయలు తీసుకుని గిర్నికి 7 ఇస్తే మిగిలేది 13. మీ 300 ఫ్లాట్లలో ఐదింట ఒకటి, అంటే 60 ఇళ్లు, నెలకు రెండుసార్లు నాలుగేసి కిలోలు ఇస్తే 480 కిలోలు. దాని మీద 6,240 వస్తుంది. నెలకు నాలుగు ట్రిప్పులు, ట్రాలీ ఆటోకు ఐదేసి వందలు, 2,000 పోయింది. సంచులు, చీటీలు, ఫోను కలిపి ఇంకో 500. మిగిలేది 3,740. వారానికి ఒక రోజు పనికి ఇది ఫరవాలేదు, కానీ దీంతో ఇల్లు గడవదు. అదే 30 ఇళ్లే అయితే? ట్రాలీ ఖర్చు తగ్గదు కాబట్టి మిగిలేది 620. అది వ్యాపారం కాదు, సమాజసేవ. మూడు నెలల్లో 30 దాటకపోతే ఆపేయండి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటొకటుంది. మొదటి వారం ఇరవై సంచులొస్తే సంబరపడతారు. కొత్త కదా, ఇరుగుపొరుగు మొహమాటానికి ఇస్తారు. నాలుగు కిలోలు అయిపోవడానికి రెండు వారాలు పడుతుంది, కనుక మీకు తీర్పు తెలిసేది మూడో వారంలో. ఆ ఇరవై మందిలో ఎంతమంది మళ్లీ సంచి ఇచ్చారన్నదే చూడండి. ‘మంచి ఐడియా అక్కా’ అన్నవాళ్లను లెక్కలో వేయకండి.

పనిలో తగాదా వచ్చేది తూకం దగ్గర. గిర్నిలో కొంత తరుగు తప్పదు, ధాన్యంలో తేమ ఆరుతుంది, దుమ్ము పోతుంది, కాస్త మిషన్‌లోనే ఉండిపోతుంది. గుమ్మం దగ్గర వాళ్ల ముందే తూచి చీటీ మీద రాసి సంచికి కట్టండి, తెచ్చాక మళ్లీ తూచండి. మొదటి పది సంచుల్లో మీ గిర్ని మామూలు తరుగెంతో తెలిసిపోతుంది. ఒక సంచి దానికంటే బాగా తక్కువ తూగితే ఒలికిందో, పక్క సంచిలో కలిసిందో అర్థం. కాటా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్నదే కొనండి. ధాన్యం తీసుకునేటప్పుడే పురుగు ఉందేమో చూడండి, లేకపోతే రేపు అది మీ సంచిలో పట్టిందంటారు. పిండి మిషన్‌లోంచి వేడిగా వస్తుంది. మూతి కట్టేస్తే చెమ్మపట్టి గడ్డలు కడుతుంది, గుడ్డ సంచుల్లో మూతి తెరిచి చల్లారనివ్వండి.

ఎండాకాలం వస్తే కారం మాట వస్తుంది. ఎనుమాముల మార్కెట్ పక్కనే ఉన్న ఊరు మనది, ఏడాదికి సరిపడా మిరపకాయలు కొని పట్టించుకునే అలవాటు ఇంకా పోలేదు. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన చపాటా మిర్చి రంగు కోసం కొనేవాళ్లూ ఉన్నారు. ఈ పని ఆశ పెడుతుంది కానీ మొదటి ఏడాది జాగ్రత్త. తొడిమెలు తీసి, ఊపితే గలగలమనేలా ఎండినవే తీసుకోండి. పచ్చి మిగిలితే మిషన్‌కు పట్టేస్తుంది, కారానికి బూజు వస్తుంది. ఎండబెట్టి ఇస్తానని ఒప్పుకున్నారంటే అసోసియేషన్‌తో టెర్రస్ తాళం గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. కారం పట్టిన మిషన్‌లో జొన్నలు పోయనీయకండి, దానికి వేరే మిషన్ ఉన్న గిర్నినే చూసుకోండి.

కొన్నాళ్లకు ‘జొన్నలు కూడా మీరే తేండి’ అంటారు. లాభం అందులోనే ఎక్కువ, నష్టం కూడా. ముందు డబ్బు తీసుకుని తర్వాతే కొనండి, ఇంట్లో బస్తాలు నిలవ పెట్టకండి. వానాకాలంలో పురుగు మొదట తినేది మీ పెట్టుబడినే. ఇది ఆహార వ్యాపారమే కనుక foscos.fssai.gov.in లో నమోదు చేసుకోవడం మరువకండి.

ఎఫ్‌డీ ముట్టకండి. కాటాకు, సంచులకు పదివేల లోపే అవుతుంది, అది నెల మిగులులోంచి పెట్టుకోండి. ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది. రేపు నిజంగా డబ్బు అవసరమైతే ఆ ఎఫ్‌డీ మీదే బ్యాంకు అప్పిస్తుంది. షట్టర్ అడ్వాన్సు మాట ఇప్పుడు అసలే వద్దు.

వచ్చేసారి జొన్నలు పట్టించడానికి ఎలాగూ వెళ్తారు కదా. మీ సంచితో పాటు మీ అంతస్తులో ఇంకో ముగ్గురి సంచులు డబ్బు తీసుకునే పట్టుకెళ్లండి. గిర్ని ఆయన్ని మధ్యాహ్నం ఏ గంటలు ఖాళీయో అడిగి రండి.