కంపెనీ లక్ష్యంలో 85 శాతం చేరితే బోనస్ ఎంత చేతికి వస్తుంది?

ప్రశ్న: నెల్లూరు దగ్గర రొయ్యల మేత కంపెనీలో అమ్మకాల విభాగంలో పనిచేస్తున్నాను. నా వార్షిక బోనస్ 1,20,000 రూపాయలు. పథకం లేఖలో కనీస హద్దు 80, లక్ష్యం 100, గరిష్ఠం 120 అని ఒక వరుస, వాటి ఎదురుగా 50, 100, 150 అని మరో వరుస ఉన్నాయి. ఈ ఏడాది కంపెనీ 85 శాతం దగ్గర ఆగిపోయింది. నాకు 1,02,000 వస్తుందా?

జవాబు: రాదండీ. మీ లేఖలో మామూలు పద్ధతే ఉంటే 75,000 వస్తుంది. ఈ జిల్లాలోనే ఒక మేత కంపెనీ జీతాల విభాగంలో కొన్నేళ్లు పనిచేశాను. ఏప్రిల్, మే నెలల్లో నా బల్ల దగ్గరకు వచ్చేవాళ్లలో సగం మంది ఇదే లెక్క వేసుకుని వచ్చేవారు.

మీకు అర్థం కాని ఆ రెండో వరుసే అసలు సంగతి. మొదటి వరుస కంపెనీ ఎంత సాధించిందో చెబుతుంది, రెండోది మీ బోనస్‌లో ఎంత ఇస్తారో చెబుతుంది. 80 శాతం చేరితే బోనస్‌లో సగం, అంటే 60,000. నూరు చేరితే పూర్తిగా 1,20,000. ఈ రెంటి మధ్య సాధన 20 శాతం పెరిగితే బోనస్ 50 శాతం పెరుగుతోంది. అంటే సాధనలో ఒక్కో శాతానికి బోనస్‌లో రెండున్నర శాతం, మీ లెక్కలో 3,000 రూపాయలు. 80 దాటి మీరు అయిదు శాతం పైకి వచ్చారు కాబట్టి 60,000కు 15,000 కలపాలి. మొత్తం 62.5 శాతం.

ఇక్కడ ఒక విషయం లేఖలో వెతకండి. మధ్యలో ఉన్న సాధనకు దామాషా ప్రకారం లెక్కిస్తారని రాసి ఉందా? కొన్ని కంపెనీలు మెట్ల పద్ధతి పెడతాయి. అందులో తర్వాతి మెట్టు చేరేదాకా కింది మెట్టు చెల్లింపే ఇస్తారు. 80 తర్వాత మెట్టు 90 అయితే మీకు 60,000తోనే సరి. ఇంకొన్ని చోట్ల 80 దగ్గర చెల్లింపు సున్నాతో మొదలవుతుంది. అలాంటి పథకంలో 85కి పావు వంతే, 30,000. మీకు 50 అని స్పష్టంగా రాసి ఉంది కాబట్టి ఆ భయం లేదు. గరిష్ఠ హద్దు గురించి ఈ ఏడాది ఆలోచించనక్కరలేదు. అది 120 దాటినప్పుడు చెల్లింపును 1,80,000 దగ్గర ఆపడానికే.

నాకు ఎక్కువ అనుమానం ఆ 85 అనే అంకె మీదే. మన వ్యాపారంలో టన్నుల లెక్క మార్చి 31న ఒకలా, మే నెలలో మరోలా ఉంటుంది. ఉదాహరణకు లక్ష్యం 40,000 టన్నులు, అమ్మింది 34,000 అనుకుందాం. అది సరిగ్గా 85 శాతం. ఏడాది చివర్లో లక్ష్యం కోసం డీలర్ల గోదాముల్లోకి తోసిన సరుకు, చెరువుల్లో తెల్లమచ్చ వచ్చి పంట పోగానే బస్తాలకు బస్తాలు వెనక్కి వస్తుంది. గడువు తీరే మేతను ఎవరూ ఉంచుకోరు కదా. అలా 1,000 టన్నులు తీసేస్తే మిగిలేది 33,000, అంటే 82.5 శాతం. మీ బోనస్ 67,500కు దిగుతుంది. వెనక్కి వచ్చినది 2,000 దాటితే కంపెనీ 80 కిందకు పడి, అందరికీ సున్నా. హద్దు దగ్గర ఒక్క లారీ సరుకుకు 60,000 తేడా రావచ్చు. అందుకే అక్కడ అంకెల మీద గొడవలు ఎక్కువ. 79.6ను 80గా చూస్తారా లేదా అన్నది కూడా లేఖలో ఉండాలి.

కాబట్టి మీరు అడగవలసింది ఇది: ఆ 85 వెనక్కి వచ్చిన సరుకు తీసేశాక వచ్చిందా, తీయకముందా? ఆడిట్ అయిన లెక్కా, అమ్మకాల విభాగం చెప్పిన లెక్కా? ఈమెయిల్‌లో అడగండి, నోటిమాట వద్దు.

మీ వ్యక్తిగత పనితీరుకు కూడా వాటా ఉంటే అది ఎలా కలుస్తుందో చూడండి. కంపెనీకి 70, మీకు 30 అని విడదీసి, మీరు మీ లక్ష్యం పూర్తి చేసి ఉంటే, 62.5లో 70 శాతం 43.75, దానికి మీ 30 కలిపి 73.75 శాతం, అంటే 88,500. విడదీయకుండా గుణించే పద్ధతి అయితే, పనితీరు గుణకం 1.2 వచ్చినవారికి 75 శాతం, 90,000 వస్తుంది. 0.8 వచ్చినవారికి 60,000కు తగ్గుతుంది.

వచ్చేది ఎంతైనా అది జీతంతో కలిపి పన్నుకు లెక్కవుతుంది. మీ ఆదాయం పన్ను పరిధిలో ఉంటే ఆ నెల టీడీఎస్ మామూలు కంటే ఎక్కువగా కోస్తారు. బ్యాంకులో తక్కువ పడిందని గొడవకు వెళ్లేముందు పే స్లిప్‌లో బోనస్ వరుస చూడండి.