ఇంటర్వ్యూ పిలుపుకు జవాబు: ఎవరిని కలవాలో అడగండి

“మాది రాజోలు. హైదరాబాదు నుంచి వచ్చిన మెయిల్‌లో ‘భీమవరం కార్యాలయం, సోమవారం 10 గంటలు, ఒరిజినల్స్ తేవాలి’ అని మాత్రమే ఉంది. జవాబు ఏమని రాయాలండీ?”

నమస్కారమండీ. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, వచ్చిన దానికే రిప్లై ఇవ్వండి. అప్పుడు వారి మాట, మీ మాట ఒకేచోట ఉంటాయి. ఇలా రాయవచ్చు:

“సోమవారం (తేదీ) ఉదయం 10 గంటల ఇంటర్వ్యూకు తప్పక హాజరవుతాను. దయచేసి భవనం పేరు, అంతస్తుతో పూర్తి చిరునామాను, అక్కడ నేను కలవవలసిన వారి పేరు, హోదా, ఫోన్ నంబరును తెలియజేయగలరు. డిగ్రీ, పదో తరగతి సర్టిఫికెట్ల ఒరిజినల్స్, ఒక జత జిరాక్సులు, ఆధార్, రెండు ఫొటోలు తెస్తాను; ఇంకేమైనా కావాలంటే చెప్పగలరు.”

వారమూ తేదీ సరిపోతున్నాయో లేదో క్యాలెండరులో చూసి మరీ రాయండి, ఎందుకంటే అక్కడ తేడా ఉంటే అది ముందే అడగవలసిన మాట.

అన్నిటికంటే ముఖ్యమైనది కలవవలసిన వారి పేరు. మెయిల్ పంపినవారు హైదరాబాదులో ఉంటారు కనుక, భీమవరంలో గేటు దగ్గర వారి పేరు చెబితే ఎవరికీ తెలియకపోవచ్చు. ఒకసారి నేను అలాగే అరగంట బయట నిలబడ్డాను. డిగ్రీ పట్టా ఇంకా చేతికి రాకపోతే, ప్రొవిజినల్ చాలునా అని ఈ జవాబులోనే అడగండి. ఒరిజినల్స్ చూపించి, అదే రోజు వెనక్కి తీసుకోండి.

శుక్రవారం మధ్యాహ్నానికి జవాబు రాకపోతే ఫోన్ చేయండి, శని ఆదివారాల్లో ఎత్తేవారు ఉండకపోవచ్చు. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు దాటి రావాలి కనుక, బస్సు వేళలు కూడా ఆ లోపే చూసుకోండి.